సవరణ: సెట్ బి చేసేటప్పుడు అన్నీ కలిపేయకండి

"సార్, పరీక్షలో పక్కవాడిది చూసి రాయకుండా సెట్ బి పేపర్ చేయడానికి, మీరు చెప్పినట్టే సెట్ ఎ లోని ప్రశ్నల వరుసా ఆప్షన్ల వరుసా మొత్తం కలిపేశాం. సెట్ బి వచ్చిన పిల్లలు మాకే కష్టమైందని గొడవ. ఎక్కడ తేడా కొట్టింది?"

తప్పు నాదే, సగమే చెప్పాను. గుంటూరులో మా హాల్లో బెంచీకి ముగ్గురు. నేనూ అలాగే కలిపితే సెట్ ఎ లో 57వ లెక్క సెట్ బి లో మొదటిదైంది. పిల్లలు దాని దగ్గరే టెన్షన్‌తో ఆగిపోయారు. ఇప్పుడు 60 ప్రశ్నలను తేలిక, మధ్యస్థం, కష్టం అని ఇరవై చొప్పున విడదీసి, ఏ ఇరవైని ఆ ఇరవైలోనే కలుపుతున్నాను. పక్కవాడి పేపర్లో అదే నంబరుకు అదే ప్రశ్న పడకపోతే చాలు. ఒకే పేరా మీద అడిగిన ప్రశ్నలు మాత్రం కలిసే కదలాలి.

ఆప్షన్లలో 'పైవన్నీ' చివరే ఉండాలి. 'ఎ, సి మాత్రమే' ఉన్న ప్రశ్నలో ఆప్షన్లను అసలు కదపొద్దు. అక్షరాలు మారితే జవాబే తప్పవుతుంది. అంకెలైతే చిన్న నుంచి పెద్దకే ఉంచండి.

జిరాక్స్‌కి ఇచ్చేముందు సెట్ బి ని ఇంకో టీచర్ చేత కీ చూపించకుండా చేయించండి. దిద్దాక ఏదైనా ప్రశ్నకు సెట్ ఎ లో 40 మందిలో 30 మంది, సెట్ బి లో 9 మందే సరిగ్గా రాస్తే, పిల్లల్ని అనకుండా ముందు ఆ కీ చూడండి.