సగటు రాబడి మహాత్మ్యం

లక్షను పదేళ్లలో 81,537కు దించిన పథకం కూడా తన కరపత్రం మీద ‘సగటు వార్షిక రాబడి 10 శాతం’ అని దర్జాగా అచ్చు వేసుకోవచ్చు. అందులో ఒక్క అక్షరం అబద్ధం ఉండదు. నిజమే చెబుతూ నిలువునా ముంచే ఈ విద్యకు అంకమధ్యమమని పేరు.

ఒక ఏడాది 60 శాతం లాభం, మరుసటి ఏడాది 40 శాతం నష్టం అనుకోండి. అరవైలోంచి నలభై తీసేసి రెండుతో భాగిస్తే పది. కరపత్రం పని అక్కడితో అయిపోయింది. డబ్బు పని అవలేదు. లక్ష మొదట 1,60,000 అయింది. నష్టం మాత్రం పెరిగిన మొత్తం మీద పడింది కనుక 64,000 పోయి 96,000 మిగిలింది. నష్టం ముందొచ్చి లాభం తర్వాత వచ్చినా మిగిలేది అంతే. ఇదే ఆట ఐదుసార్లు ఆడితే పైన చెప్పిన 81,537.

ఇప్పుడు మదుపరి కౌంటరు దగ్గరికి వెళ్తాడు.

“సగటున ఏటా పది శాతం వచ్చిందన్నారు కదండీ?”

“వచ్చిందండీ.”

“అయితే ఆ లెక్కన నాకు 2,59,374 ఇప్పించండి.”

“సగటు చూసుకోవడానికేనండీ, తీసుకోవడానికి కాదు.”

“మరి ఆ పది ఎవరికి వచ్చినట్టు?”

“సంవత్సరాలకండీ. ఒక్కోదానికీ విడివిడిగా. తమరే అన్నింటినీ కలిపి అనుభవించారు.”

ఆ ఉద్యోగికి తెలియకుండానే నోట సత్యం పలికింది. రాబడులు కూడుకోవు, గుణించుకుంటాయి. 1.6ను 0.6తో గుణిస్తే 0.96, దాని వర్గమూలం దాదాపు 0.98. ఈ గుణమధ్యమం ప్రకారం ఏటా రెండు శాతం నష్టం. నోటి లెక్క కావాలంటే, ఏటేటి రాబడులు సగటుకు ఎంత దూరంగా చెదిరాయో చెప్పే ప్రామాణిక విచలనం తీసుకుని, దాని వర్గంలో సగాన్ని సగటులోంచి తీసేయండి. ఇక్కడ విచలనం 50 శాతం, అంటే 0.5. దాని వర్గం 0.25, అందులో సగం 0.125, అంటే కోత 12.5 శాతం, పది కాస్తా మైనస్ రెండున్నర అవుతుంది, అసలు జవాబుకు దగ్గరే. విచలనం 15 శాతమే అయితే కోత ఒక శాతానికి కాస్త పైన. ఒడుదొడుకులు రెట్టింపైతే కోత నాలుగింతలు.

రాబోయే ఒక్క ఏడాది అంచనాకు అంకమధ్యమం సరైన కొలతే. దాన్ని పట్టుకొచ్చి పదేళ్ల కథ చెప్పేవాళ్లు తెలియక చెబుతున్నారా? తెలియకేం! నిర్వహణ రుసుము ఏనాడైనా సగటు మీద వసూలు చేశారా? ఖాతాలో నిజంగా ఉన్న సొమ్ము మీద, శాతంలో వందో వంతు కూడా వదలకుండా కోసుకుంటారు. తమకు రావలసిన దగ్గర అంత కచ్చితమైన లెక్క, ఉద్యోగ విరమణ సొమ్మంతా తెచ్చి చేతిలో పెట్టిన మనిషికి మాత్రం ఈ పిల్లకాయ కూడికా? సిగ్గుండాలి.

మొదట ఎంత పెట్టారు, మధ్యలో వేయకుండా తీయకుండా ఉంచితే చివరికి ఎంతయింది? ఈ రెండు అంకెలూ రాయడానికి ఆ కరపత్రంలో చోటు చాలలేదట. నవ్వుతున్న కుటుంబం ఫొటోకు మాత్రం సగం పేజీ దొరికింది.