కాన్పు నొప్పుల కోసం ఆముదం: పాత కుట్టు ఉన్నవాళ్లకు మరీ ప్రమాదం

కాన్పు డేట్ దగ్గరపడినా నొప్పులు రాలేదు. ఇంకో నాలుగు రోజులు చూసి ఆపరేషన్ చేద్దామని డాక్టరమ్మ చెప్పింది. ఇంటికి రాగానే పెద్దవాళ్లకు గుర్తొచ్చేది ఆముదమే. రెండు విరేచనాలైతే నొప్పులు వాటంతటవే వస్తాయని వాళ్ల నమ్మకం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 42 కాన్పులు సిజేరియన్లే. కాబట్టి కోత తప్పించుకోవాలన్న ఆరాటాన్ని నేను తప్పుపట్టను. కానీ అదే లెక్కను బట్టి చూస్తే, రెండో కాన్పుకి వస్తున్నవాళ్లలో చాలామంది గర్భసంచి మీద పాత కుట్టు ఉంటుంది. ఆముదం గురించి నా భయమంతా వాళ్ల విషయంలోనే.

పెద్దవాళ్ల నమ్మకం పూర్తిగా వట్టిది కాదు. ఆముదం చిన్నపేగుల్లోకి చేరి విడిపోతే రిసినోలిక్ ఆమ్లం బయటికొస్తుంది. ప్రోస్టాగ్లాండిన్ అనే మన ఒంట్లోని రసాయనం కణాల మీద తాకి సంకేతం పంపే ఒక గ్రాహకాన్నే, అంటే ఈపీ3ని, ఇది కూడా తాకుతుందని 2012లో జర్మనీ శాస్త్రవేత్తలు ఎలుకల్లో తేల్చారు. ఆ గ్రాహకం పేగు కండరంలోనూ ఉంది, గర్భసంచి కండరంలోనూ ఉంది. దాన్ని తీసేసిన ఎలుకలకు ఆముదం పట్టినా విరేచనాలు కాలేదు, గర్భసంచీ బిగుసుకోలేదు.

ఇప్పుడు ఆసుపత్రి సంగతి చూడండి. మొదటి కాన్పు సిజేరియన్ అయిన ఆమెకు నొప్పులు తెప్పించడానికి మిసోప్రోస్టాల్ బిళ్ల పెట్టరు. అది ప్రోస్టాగ్లాండిన్ జాతి మందు. గర్భసంచి ఒక్కసారిగా గట్టిగా బిగిస్తే పాత కుట్టు విచ్చుకుంటుందని వాళ్ల భయం. ఆసుపత్రి ఇంత జాగ్రత్తగా మూసిపెట్టిన దారినే మనం ఇంట్లో చెంచాతో తెరుస్తున్నాం.

2003లో ఒక వైద్య పత్రికలో వచ్చిన కేసు ఇది. 39 వారాల గర్భిణి, అంతకుముందు ఒక సిజేరియన్ అయింది. ఆమె తాగింది 5 మిల్లీలీటర్లు, అంటే ఒక్క చెంచా. ముప్పావు గంటలో కడుపులో తీవ్రమైన నొప్పి వచ్చింది, ఉమ్మనీరు పోయింది. బిడ్డ గుండె వేగం పదేపదే పడిపోతుంటే ఆపరేషన్ చేశారు. పాత కుట్టు రెండు సెంటీమీటర్ల మేర విచ్చుకుని, అందులోంచి బొడ్డుతాడు బయటికొచ్చి ఉంది. ఒక్క కేసుతో ఆముదమే కారణమని తేల్చలేం, నిజమే. అయినా కుట్టు ఉన్నవాళ్లు ఇంట్లో చేసి చూడాల్సిన పరీక్ష కాదిది.

కుట్టు లేనివాళ్లకు ఫర్వాలేదా అంటే, వాళ్లకూ దక్కేది తక్కువే. 60 మిల్లీలీటర్లు జ్యూస్‌లో కలిపి రాత్రి పదింటికి తాగిన ఒకామెను ఊహించుకోండి. రెండు నుంచి ఆరు గంటల్లో పేగులు మెలిపెడతాయి, వరసగా నీళ్ల విరేచనాలు. మధ్యలో వాంతి. తెల్లారేసరికి నాలుక పిడచకట్టి, మూత్రం చిక్కటి పసుపురంగులో కాస్తే వస్తుంది. ఒంట్లో నీరు తగ్గినా గర్భసంచి చిరచిరలాడుతుంది, కాబట్టి పొత్తికడుపు బిగుస్తూనే ఉంటుంది. నొప్పులొచ్చాయని ఆసుపత్రికి పరుగెత్తుతారు. సెలైన్ ఎక్కించాక బిగుతు సద్దుమణుగుతుంది, గర్భసంచి ముఖద్వారం మాత్రం నిన్నటిలాగే మూసుకుని ఉంటుంది. అసలు నొప్పులైతే పడుకున్నా ఆగవు. రానురాను దగ్గర దగ్గరగా, ఎక్కువసేపు వస్తాయి.

ఆముదం మీద వచ్చిన మూడు పరీక్షలను, మొత్తం 233 మందిని కలిపి, కాక్రేన్ సంస్థ 2013లో సమీక్షించింది. సిజేరియన్లు తగ్గినట్టు తేలలేదు. తాగినవాళ్లందరికీ వికారం మాత్రం తప్పలేదు. ఆసుపత్రిలో నొప్పులు తెప్పించే ఆక్సిటోసిన్ డ్రిప్ పెడితే బిడ్డ గుండె చూస్తూ చుక్కలు పెంచుతారు, తేడా వస్తే ఆపేస్తారు. ఆపిన కాసేపటికే దాని పట్టు సడలుతుంది. మింగేసిన ఆముదాన్ని ఎవరు ఆపగలరు?

తొమ్మిదో నెలలో మలబద్ధకానికని తాగినా ఇదే కథ. చాలామందికి ఆ మలబద్ధకం ఐరన్ బిళ్లల వల్ల వచ్చేదే. డాక్టర్‌కి చెబితే బిళ్ల మారుస్తారు, ఇసబ్‌గోల్ గానీ లాక్టులోజ్ గానీ రాస్తారు. ఇసబ్‌గోల్‌కి నీళ్లు బాగా తాగాలి, లేకపోతే అదే గట్టిపడుతుంది. గర్భిణుల సంగతి పక్కనపెడితే, ఇంట్లో ముసలాయనకూ ఆముదం మంచిది కాదు. పేగు మొత్తం ఊడ్చేశాక రెండు రోజులు విరేచనం కాకపోవడం సహజం. ఆయన అది మళ్లీ మలబద్ధకమే అనుకుని ఇంకో మోతాదు తాగుతాడు. కాళ్లవాపుకో గుండెకో నీరుపోయే బిళ్లలు వాడుతుంటే పొటాషియం మరింత పడిపోయి, గుండె లయ తప్పొచ్చు. కారణం తెలియని కడుపునొప్పికి మాత్రం ఎవరూ తాగకూడదు. అది అపెండిసైటిస్ అయితే పగిలే ముప్పుంది.

గర్భిణి ఇప్పటికే ఆముదం తాగేసి ఉంటే ఓఆర్‌ఎస్ గుక్కగుక్కగా తాగుతూ ఆసుపత్రికి వెళ్లి, ఎంత తాగిందీ ఎప్పుడు తాగిందీ దాచకుండా చెప్పాలి. తిడతారని దాస్తే, వచ్చేవి అసలు నొప్పులో పేగు మెలికలో వాళ్లకు తెలిసే వీలుండదు. రక్తం కనిపించినా, ఉమ్మనీరు పచ్చగా పోయినా, బిడ్డ కదలిక తగ్గినా, బిగుతుకూ బిగుతుకూ మధ్య కూడా నొప్పి వదలకపోయినా ఓఆర్‌ఎస్ కలుపుతూ కూర్చోకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి. పాత కుట్టు దగ్గర నొప్పి పుడితే మరీనూ.