స్లాబు దాటితే నష్టమా? తప్పు స్లాబుది కాదు, రిబేటుది

ఫిబ్రవరి వచ్చిందంటే ఒంగోలు పరిసరాల్లోని పాఠశాలల్లో, కార్యాలయాల్లో ఐటీ స్టేట్‌మెంట్ల హడావుడి మొదలవుతుంది. ఆ సమయంలో తప్పకుండా వినిపించే మాట ఒకటుంది: ‘ఈ ఏడాది వాడని సెలవులు అప్పగించి సరెండర్ లీవు డబ్బు తీసుకోవద్దు, స్లాబు మారిపోతుంది.’ ఈ భయం చాలావరకు నిరాధారమే అయినా, ఆదాయంలోని ఒక చిన్న పరిధిలో మాత్రం నిజం. ఎక్కడ నిజమో, ఎందుకు నిజమో విడదీసి చూడవలసి ఉంది.

స్లాబు మారితే మొత్తం ఆదాయంపై కొత్త రేటు పడదు. 2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త పన్ను విధానంలో మొదటి 4 లక్షలపై పన్ను లేదు. 4 నుంచి 8 లక్షల వరకు ఉన్న భాగానికి 5 శాతం, 8 నుంచి 12 వరకు 10 శాతం, 12 నుంచి 16 వరకు 15 శాతం, ఇలా పెరుగుతూ 24 లక్షలు దాటిన భాగానికి 30 శాతం అవుతుంది. పై స్లాబులోకి వెళ్లిన భాగానికే పై రేటు వర్తిస్తుంది గనుక, కింది భాగాలపై లెక్కగట్టిన పన్ను చెక్కుచెదరదు. కాబట్టి స్లాబుల లెక్క ఒక్కటే ఉంటే, ఎంత సంపాదించినా చేతికి వచ్చేది తగ్గే అవకాశమే లేదు.

చిక్కంతా రిబేటుతోనే వచ్చింది. పన్ను వేయదగిన ఆదాయం 12 లక్షలకు మించనివారికి సెక్షన్ 87ఏ కింద 60 వేల రూపాయల వరకు రిబేటు ఇస్తారు. 12 లక్షలపై స్లాబుల ప్రకారం పన్ను సరిగ్గా 60 వేలు (20 వేలు, 40 వేలు కలిపి) కాబట్టి అది సున్నా అవుతుంది. జీతగాళ్లకు 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ ఉన్నందున, వార్షిక జీతం 12.75 లక్షలు ఉన్న ఉపాధ్యాయుడు పైసా కట్టనక్కర్లేదు.

ఆయనే సరెండర్ లీవు కింద 50 వేలు తీసుకున్నారనుకుందాం. పన్ను వేయదగిన ఆదాయం 12.50 లక్షలకు చేరుతుంది, స్లాబుల లెక్కన పన్ను 67,500 అవుతుంది, రిబేటు మాత్రం పోతుంది. 50 వేలు అదనంగా వచ్చినందుకు 67,500 కట్టమనడం అన్యాయం కనుక చట్టంలో మార్జినల్ రిలీఫ్ పెట్టారు: 12 లక్షలకు పైన వచ్చిన మొత్తాన్ని మించి పన్ను ఉండకూడదు. అంటే పన్ను 50 వేలకు తగ్గుతుంది. అయితే దానిపై 4 శాతం సెస్సు, 2 వేలు, కలుస్తుంది. వెరసి, 50 వేలు అందుకుని 52 వేలు కట్టాలి. సెలవూ పోయింది, చేతి నుంచి 2 వేలూ పోయాయి!

ఈ విచిత్రం పన్ను వేయదగిన ఆదాయం 12 లక్షలు దాటినప్పటి నుంచి సుమారు 12.74 లక్షల వరకు ఉంటుంది. అక్కడి నుంచి 16 లక్షల వరకు పైన వచ్చే ప్రతి రూపాయిలోనూ 84 పైసలకు పైగా మిగులుతుంది. జీతం పరంగా చూస్తే 12.75 నుంచి దాదాపు 13.49 లక్షల మధ్య ఉన్నవారికే ఈ ఇబ్బంది. 9 లక్షల జీతగాడు, 18 లక్షల జీతగాడు ‘స్లాబు మారుతుంది’ అని వచ్చే డబ్బు వదులుకోవడం అమాయకత్వమే.

దీనికంటే పెద్ద నష్టం కాగితాల మీద జరుగుతుంది. చేతులు మారుతూ వచ్చే ఎక్సెల్ షీట్లలో మార్జినల్ రిలీఫ్ వరుస లేకపోతే, పై ఉదాహరణలోని ఉపాధ్యాయుడికి సెస్సుతో కలిపి 70,200 చూపిస్తుంది. అంటే 18,200 ఎక్కువ. జీతాల బిల్లు చేసే డీడీవో ఆ ప్రకారమే కోసేస్తే రిటర్నులో సరైన లెక్క చూపి వాపసు తెచ్చుకోవాలి. స్టేట్‌మెంటుపై సంతకం పెట్టేముందు ఒక్కటి సరిచూసుకుంటే చాలు: పన్ను వేయదగిన ఆదాయం 12.70 లక్షల లోపు ఉంటే, సెస్సుకు ముందున్న పన్ను 12 లక్షలకు పైనున్న మొత్తాన్ని మించకూడదు.

ఇక పాత విధానంలో ఈ రిలీఫ్ కూడా లేదు. 5 లక్షల వరకు 12,500 రిబేటు ఉండగా, పది రూపాయలు దాటినా సెస్సుతో సుమారు 13 వేలు కట్టాలి.

మరి 12 లక్షల వరకు పన్నే లేకుండా స్లాబునే మార్చవచ్చు కదా? అలా చేస్తే 30 లక్షలు, కోటి రూపాయలు సంపాదించేవారికీ అదే 60 వేలు తగ్గుతుంది. ఖజానాకు ఆ భారం వద్దనే ప్రభుత్వం రిబేటు దారి పట్టింది. ఆ ఉద్దేశాన్ని తప్పుపట్టలేము. తప్పంతా రిబేటును రూపాయికి రూపాయి చొప్పున వెనక్కు లాక్కోవడంలో ఉంది. 12 లక్షలు దాటిన ప్రతి రూపాయికి అర్ధరూపాయి మాత్రమే పన్ను వేస్తూ పోతే, 13.71 లక్షల దగ్గర అది మామూలు స్లాబు లెక్కతో కలిసిపోతుంది. ఆ కొద్ది పరిధిలోనివారి నుంచి ఖజానాకు కొంత ఆదాయం తగ్గుతుంది గానీ, మన ఉపాధ్యాయుడు సెస్సుతో కలిపి 26 వేలు కట్టి మిగతా 24 వేలు ఇంటికి తీసుకెళ్తారు.