ఫోన్ నలభై రోజులు ఆపేస్తే మెసేజ్‌లు ఆగవు, పోతాయి

"ఫోన్ ఎన్నాళ్ళు ఆఫ్‌లో ఉన్నా టెన్షన్ వద్దు. వాట్సాప్ మెసేజ్‌లు సర్వర్‌లో భద్రంగా ఉంటాయి, ఆన్ చేయగానే అన్నీ వచ్చేస్తాయి. ఎస్సెమ్మెస్ కూడా అంతే. చాలా రోజులు ఒకటే టిక్ ఉందంటే మాత్రం మిమ్మల్ని బ్లాక్ చేసినట్టే. కొత్త ఫోన్‌లో అదే సిమ్ వేసుకున్నా ఆగి ఉన్నవన్నీ దిగుతాయి. అందరికీ షేర్ చేయండి."

ఇది మా ఫ్యామిలీ గ్రూప్‌లోకే మూడుసార్లు వచ్చింది. మూడోసారి పంపింది మా పెదనాన్న, అదీ ఆయన దెబ్బ తిన్నాక. అందుకే రాస్తున్నా.

మొదటి మాట దగ్గరే తేడా. వాట్సాప్ సర్వర్ బీరువా కాదు, పోస్ట్‌మ్యాన్ సంచీ లాంటిది. మెసేజ్ అవతలి ఫోన్‌కి చేరగానే సర్వర్ మీంచి చెరిపేస్తారు. చేరకపోతే తాళం వేసిన రూపంలోనే 30 రోజులు ఉంచి, ఆ తర్వాత తీసేస్తారు. దాచిపెట్టి అడిగితే ఇచ్చేదేమీ ఉండదు, వాళ్ళ ప్రైవసీ పాలసీలోనే ఈ 30 రోజుల మాట రాసి ఉంది.

పెదనాన్న రిటైరైన లెక్కల మాస్టారు. ఈసారి అయ్యప్ప మాల వేసుకున్నప్పుడు మండలం పూర్తయ్యేదాకా ఫోన్ ముట్టనని నవంబర్ 17 పొద్దున స్విచ్ఛాఫ్ చేసి బట్టల కింద పెట్టేశారు. 41 రోజులు అయ్యాక, డిసెంబర్ 28న ఆన్ చేశారు. టింగు టింగుమని ఐదు నిమిషాలు మోగుతూనే ఉంది, "చూశావా, అన్నీ వచ్చేశాయి" అని నాకు చూపించారు కూడా. నేను పైకి జరిపి చూస్తే నవంబర్ 17కి ముందువి ఉన్నాయి, ఆ తర్వాత నేరుగా నెలాఖరువి. మధ్యలో పది పన్నెండు రోజులవి లేవు. డిసెంబర్ 28 నుంచి 30 రోజులు వెనక్కి లెక్కేస్తే నవంబర్ 28 వస్తుంది, అంతకు ముందు పంపినవన్నీ సర్వర్ మీదే గడువు తీరి పోయాయన్నమాట. గమనించండి, ఫోన్ ఆపిన రోజు నుంచి 30 కాదు, ఒక్కో మెసేజ్ పంపిన రోజు నుంచి దానికి దాని 30. లెక్కల మాస్టారికే ఇది చెప్పాల్సి వచ్చింది.

పోయిన వాటిలో ఆయన పాత స్టూడెంట్ ఒకతను నవంబర్ 22న పంపిన పెళ్ళి కార్డు ఉంది. దాని గడువు డిసెంబర్ 22తోనే అయిపోయింది. పెళ్ళి డిసెంబర్ 10న. అతనికేమో పంపిన రోజు నుంచీ ఒకటే టిక్. ఎవరో ఈ ఫార్వర్డే చూపించి "మాస్టారు నిన్ను బ్లాక్ చేశారు" అన్నారట, అతను నొచ్చుకుని మళ్ళీ ఫోన్ కూడా చేయలేదు.

కాబట్టి టిక్ సంగతి. ఒక టిక్ అంటే మీ ఫోన్ నుంచి మెసేజ్ వెళ్ళింది, అవతల ఇంకా చేరలేదు, అంతే. ఫోన్ ఆఫ్‌లో ఉన్నా, డేటా అయిపోయినా, యాప్ తీసేసినా, నిజంగా బ్లాక్ చేసినా కనిపించేది ఆ ఒక్క టిక్కే. అసలు ఇబ్బంది ఏంటంటే 30 రోజులు దాటి మెసేజ్ పోయినా "ఇది చేరలేదు" అని మీకు ఎవరూ చెప్పరు, ఆ టిక్ అలా వేలాడుతూనే ఉంటుంది. మెసేజ్‌ని నొక్కి పట్టుకుని ఇన్ఫోలోకి వెళ్తే Delivered పక్కన టైమ్ లేదంటే చేరలేదని అర్థం. నెల దాటినా అలాగే ఉంటే ఎదురుచూడటం దండగ, మళ్ళీ పంపాలి. (బ్లాక్ విషయంలో ఇంకో ముక్క: బ్లాక్‌లో ఉండగా పంపినవి, తర్వాత బ్లాక్ తీసేసినా చేరవు.)

రెండు టిక్‌లు ఉన్నా మనిషి ఫోన్‌కే చేరిందని కాదు. లాప్‌టాప్‌లో వాట్సాప్ లింక్ చేసి ఉంటే, ఫోన్ ఆఫ్‌లో ఉన్నా మెసేజ్ లాప్‌టాప్‌కి చేరితే రెండో టిక్ పడిపోతుంది. ఇదీ శాశ్వతం కాదు, ఫోన్‌ని 14 రోజులు వాడకపోతే లింక్ చేసినవన్నీ లాగౌట్ అయిపోతాయి.

ఎస్సెమ్మెస్ "కూడా అంతే" అన్నారు చూశారా, అది ఇంకా తప్పు. ఎస్సెమ్మెస్ ఆగేది మొబైల్ కంపెనీ మెసేజ్ సెంటర్ దగ్గర. పంపేటప్పుడే దానితో పాటు చెల్లుబాటు గడువు ఒకటి వెళ్తుంది. అందులో ఎక్కువగా కనిపించే పద్ధతిలో ఆ గడువు ఒకే ఒక్క చిన్న అంకె, 0 నుంచి 255 దాకా: 167 వేస్తే 24 గంటలు, 173 వేస్తే 7 రోజులు, 255 వేస్తే 63 వారాలు. 63 వారాలని చూసి సంబరపడకండి, మెసేజ్ సెంటర్ తన సొంత పరిమితితో దాన్ని కోసేస్తుంది, మామూలుగా అది రోజుల్లోనే ఉంటుంది. ఫోన్ అందుబాటులో లేదని తెలిస్తే ఈ నంబర్‌కి మెసేజ్ ఆగి ఉందని నెట్‌వర్క్ గుర్తు పెట్టుకుంటుంది, ఫోన్ ఆన్ చేసి టవర్‌కి తగలగానే సెంటర్‌కి కబురు వెళ్తుంది, గడువులో ఉన్నవి అప్పుడు గబగబా వస్తాయి. గడువు దాటినవాటికి కబురూ లేదు, మెసేజూ లేదు. పెదనాన్న డిపాజిట్ గడువు ముగిసిందని బ్యాంకు డిసెంబర్ మొదటి వారంలో పంపిన ఎస్సెమ్మెస్ రానే లేదు, పాస్‌బుక్ ప్రింట్ చేయించుకుంటే తెలిసింది. అదే తేదీల్లో వచ్చిన వాట్సాప్ మెసేజ్‌లు మాత్రం చక్కగా ఉన్నాయి.

ఇక కొత్త ఫోన్. సర్వర్‌లో ఆగి ఉన్న మెసేజ్‌కి వేసిన తాళం పాత ఫోన్‌ది. కొత్త ఫోన్‌లో వాట్సాప్ పెట్టుకోగానే కొత్త తాళంచెవులు తయారవుతాయి, పాత తాళం వాటితో తెరుచుకోదు. అప్పుడు మెసేజ్ ఉండాల్సిన చోట "Waiting for this message. This may take a while." అని కనిపిస్తుంది. చాలామంది నెట్ స్లో అనుకుని రౌటర్ ఆపి ఆన్ చేస్తుంటారు. కానీ అది వేచి ఉండేది పంపినవాళ్ళ ఫోన్ కోసం: వాళ్ళు వాట్సాప్ తెరిస్తే వాళ్ళ ఫోన్ అదే మెసేజ్‌ని కొత్త తాళంతో మళ్ళీ పంపుతుంది. వాళ్ళు ఈలోగా ఆ చాట్ చెరిపేసుకుంటే ఆ Waiting మాట అలాగే మిగిలిపోతుంది.

ఫోటోలది మరో దారి. ఫోటో విడిగా సర్వర్ మీద ఉంటుంది, మెసేజ్‌లో వచ్చేది దాని చిరునామా, తాళంచెవి మాత్రమే. అందుకే మెసేజ్ చేరి, ఫోటో మసకగా కనిపించి, నొక్కితే దిగకపోవడం జరుగుతుంది. పెదనాన్న ఆటో డౌన్‌లోడ్ ఆపేసి పెట్టుకున్నారు, నేనే కూర్చుని ఆ రోజు ఒక్కొక్కటీ నొక్కి దింపాను, ఆలస్యం చేస్తే అవీ పోతాయని.

ఇంకా ఎక్కువ కాలం ఆపేసేవాళ్ళకి: 120 రోజులు వాట్సాప్ నెట్‌కి తగలకపోతే ఖాతానే తీసేస్తారు. ఫోన్‌లో ఉన్న పాత చాట్‌లు మాత్రం యాప్ తీసేయనంత వరకు ఫోన్‌లోనే ఉంటాయి.

టెలిగ్రామ్‌లో మామూలు చాట్‌లకి ఈ గొడవ లేదు, అక్కడ చాట్ అంతా సర్వర్ మీదే ఉంటుంది. ఆ అలవాటుతోనే వాట్సాప్ కూడా అంతే అనుకుని ఎవరో ఈ ఫార్వర్డ్ తయారుచేసి ఉంటారని నా అనుమానం.

ఆ స్టూడెంట్‌కి నేనే ఫోన్ చేసి విషయం చెప్పాను. డిసెంబర్ 29న కార్డు మళ్ళీ పంపాడు, కింద "పెళ్ళయిపోయింది మాస్టారూ, ఫోటోలైనా చూడండి" అని రాసి. రెండు టిక్‌లు పడ్డాయి.