సవరణ: సముద్రపు నీరు చేరిన బావి

“నీళ్లు మరిగిస్తే చాలన్నారు కదా. ఉప్పెనకి మా బావిలోకి సముద్రపు నీరు వచ్చేసింది, అవీ మరిగించి తాగొచ్చా?”

తాగకూడదు. తుపాను తర్వాత నీళ్లు మరిగించి తాగమని ముందు పోస్టులో రాశాను; ఉప్పు నీటికి అది పనికిరాదని చెప్పకపోవడం నా తప్పు, క్షమించండి. మరిగిస్తే క్రిములు చస్తాయి, ఉప్పు మాత్రం పోదు. పైగా నీరు ఆవిరైన కొద్దీ మిగిలినవి ఇంకా ఉప్పగా అవుతాయి. క్లోరిన్ బిళ్ల వేసినా అంతే. పసిపిల్లలకు, బీపీ ఉన్నవాళ్లకు ఆ నీళ్లు మరీ ప్రమాదం.

అందుకే తుపాను రాకముందే నీళ్లు పట్టుకోవాలి. తాగడానికి, వంటకి మనిషికి రోజుకి 4 లీటర్లు అనుకుంటే, నలుగురికి మూడు రోజులకి 48 లీటర్లు. అంటే 20 లీటర్ల మూత డబ్బాలు మూడు. వాటిని సబ్బుతో కడిగి, నిండా పట్టి, మూత బిగించి ఎత్తులో పెట్టండి. ఇల్లు ఖాళీ చేయమన్నారంటే మాత్రం డబ్బాల కోసం ఆగొద్దు, చేతికందిన సీసాలతో బయల్దేరండి.

ఉప్పు చేరని వాన నీరు, బోరు నీరైతే పాత మాటే: బురదగా ఉంటే గుడ్డతో వడకట్టి, తెర్లాక ఒక నిమిషం మరగనివ్వండి.