షిఫ్టు అని రాయడానికి చెయ్యి రాక ఫ్లెక్సిబుల్ అవర్స్ అని రాస్తున్నారు

ఈ రోజు మధ్యాహ్నం మా పిన్ని కూతురు ఒక ఉద్యోగ ప్రకటన పంపించి, "అక్కా, ఫ్లెక్సిబుల్ అవర్స్ అట, పాపను స్కూలు నుంచి నేనే తెచ్చుకోవచ్చు" అని సంబరపడింది. అది చదివినప్పటి నుంచి నాకు ఒళ్లు మండుతూనే ఉంది. ఆఫీసు మాదాపూర్‌లో, క్లయింటు డాలస్‌లో. మూడు నుంచి ఐదేళ్ల అనుభవం ఉన్న 'రాక్‌స్టార్' డెవలపర్ కావాలట, వాతావరణం 'ఫాస్ట్ పేస్డ్' అట, వెంటనే చేరగలిగినవారికి ప్రాధాన్యమట. ఎన్ని గంటలకు రావాలో, ఎన్ని గంటలకు వెళ్లవచ్చో మాత్రం ఎక్కడా లేదు.

క్లయింటు ఊరు తెలిస్తే ఆ వేళలు మనమే లెక్క కట్టుకోవచ్చు. డాలస్‌లో ఉదయం 9 అయ్యేసరికి వేసవిలో మనకు రాత్రి 7:30 అవుతుంది. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారాలను గంట వెనక్కి తిప్పుకుంటారు కాబట్టి, అప్పటి నుంచి మార్చి రెండో ఆదివారం వరకు అదే సమయం మనకు రాత్రి 8:30. వాళ్లు రోజువారీ స్టాండప్ మీటింగును తమ సౌకర్యం కోసం 10 గంటలకు పెట్టుకుంటే, చలికాలమంతా మనవాళ్లు రాత్రి 9:30కి ల్యాప్‌టాప్ ముందు కూర్చోవాలి. ఆ కారణంగా ఉదయం ఆలస్యంగా రమ్మంటారా అంటే అదీ లేదు, ఇక్కడి మేనేజరు 10:30కి తన మీటింగు తాను పెడతాడు. ఈ రెండింటి మధ్య మధ్యాహ్నం దొరికే రెండు గంటల ఖాళీని చూపించి ఫ్లెక్సిబుల్ అంటున్నారు. పాపను స్కూలు నుంచి తెచ్చుకోవచ్చు, నిజమే, కానీ ఆ పాపకు అన్నం పెట్టి పడుకోబెట్టే వేళకు తల్లి కాల్‌లో ఉంటుంది.

నా మాట మీద నమ్మకం లేకపోతే హెచ్ఆర్‌నే అడగమన్నాను. "కోర్ అవర్స్ ఎన్నింటి నుంచి ఎన్నింటి వరకండీ?" అని అడిగితే "ప్రాజెక్టును బట్టి ఉంటుందండి" అన్నారట. రాత్రి ఆఫీసులో ఉండవలసి వస్తే క్యాబ్ ఇస్తారా అంటే, "మాది షిఫ్టు ఉద్యోగం కాదు కదండీ, ఫ్లెక్సిబుల్" అన్నారట. అసలు సంగతి ఈ ఒక్క జవాబులోనే ఉంది. మధ్యాహ్నం ఒంటి గంట నుంచి రాత్రి పది వరకు షిఫ్టు అని కాగితం మీద రాస్తే షిఫ్టు అలవెన్సు అడుగుతారు, ఇంటి దగ్గర దింపే క్యాబ్ అడుగుతారు. తెలంగాణలో ఐటీ సంస్థలకు 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం నుంచి కొన్ని మినహాయింపులు ఇస్తున్నప్పుడు కూడా వారానికి 48 గంటల పరిమితి, రాత్రిపూట పనిచేసే మహిళలకు రవాణా సదుపాయం వంటి షరతులు ఉంచారు. వేళలే రాయకపోతే ఇవేవీ గట్టిగా అడగడం కష్టమని నియామకాలు చేసేవాళ్లకు బాగా తెలుసు. నిజంగా వెసులుబాటు ఉన్న చోట "11 నుంచి 4 వరకు అందరూ అందుబాటులో ఉండాలి, మిగతా గంటలు మీ ఇష్టం" అని సూటిగా రాస్తారు. అలాంటి ప్రకటనలు తక్కువే అయినా ఉన్నాయి, వాటిని నమ్మవచ్చు.

ఇక రాక్‌స్టార్ సంగతి తెలియాలంటే దాని కింద ఉన్న నైపుణ్యాల జాబితా చదవాలి. రియాక్ట్, నోడ్, క్లౌడ్ నిర్వహణ, టెస్టింగ్, క్లయింటుతో మాటలు అన్నీ ఒకే మనిషికి రాశారంటే అది ముగ్గురి పని అన్నమాట. ఆ టీములో ఆన్-కాల్ చూసేవాళ్లు ఎందరో తప్పకుండా అడగాలి, ఇద్దరే అయితే వారం విడిచి వారం ఫోను తలగడ పక్కనే పెట్టుకుని నిద్రపోవాలి. ఈ పోస్టు కొత్తదా, ఎవరైనా వెళ్లిపోతే ఖాళీ అయిందా అన్నది కూడా అడగాలి. అదే ప్రకటన కొద్ది నెలలకోసారి మళ్లీ కనిపిస్తోందంటే, వచ్చినవాళ్లు ఆ 'ఫాస్ట్ పేస్' తట్టుకోలేక వెళ్లిపోతున్నారనే నేను అనుకుంటాను.

వీటన్నిటికంటే నాకు ఎక్కువ కడుపు మండేది వెంటనే చేరాలన్న ఆ షరతు. ఇదే కంపెనీలో చేరినవాళ్లు రాజీనామా చేస్తే 90 రోజుల నోటీసు ఇవ్వాలని ఆఫర్ లెటరులో ఉంటుంది. తమ దగ్గరి మనిషిని మూడు నెలలు కదలనివ్వరు, పక్క కంపెనీ మనిషి మాత్రం పదిహేను రోజుల్లో వచ్చి కూర్చోవాలి. నోటీసు డబ్బు కట్టి బయటపడదామంటే బై-అవుట్‌కు ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం మా ఇష్టమని అదే లెటరులో రాసి పెడతారు. అందుకే మా పిన్ని కూతురికి చెప్పాను, షిఫ్టు వేళలు, క్యాబ్, నోటీసు గడువు ఈ మూడూ మెయిల్‌లో రాసి పంపేవరకు ఇప్పుడున్న ఉద్యోగానికి రాజీనామా చేయవద్దని.