200 షేర్లు అడిగితే 400 ఎలా వచ్చాయి

షేర్ల యాప్‌లు తయారుచేసేవారి మీద నాకు చాలాకాలంగా ఒక ఫిర్యాదు ఉంది. గత వారం మా మేనల్లుడికి జరిగింది చూశాక దాన్ని ఇక్కడ రాయకుండా ఉండలేకపోతున్నాను. కొత్తగా ఖాతా తెరిచిన వాడు ఒక చిన్న కంపెనీ షేర్లు 200 కొందామనుకున్నాడు. రాత్రి ఎక్స్ఛేంజ్ నుంచి ఎస్సెమ్మెస్ వచ్చాక, "మామయ్యా, నా ఖాతాలో 400 షేర్లు ఉన్నాయి, ఎవరైనా నా పాస్‌వర్డ్ దొంగిలించారా?" అని కంగారుగా ఫోన్ చేశాడు. ఎవరూ ఏమీ దొంగిలించలేదు. 400 షేర్లనూ వాడే కొన్నాడు, ఆ సంగతి వాడికి అర్థమయ్యేలా స్క్రీన్ చెప్పలేదు.

వాడు ఉదయం 10:40కి 84.50 రూపాయల ధరకు 200 షేర్లకు లిమిట్ ఆర్డర్ పెట్టాడు. లిమిట్ ఆర్డర్ అంటే "ఈ ధరకు గానీ, ఇంతకంటే తక్కువకు గానీ దొరికితేనే కొను" అని చెప్పడం. ఆ క్షణంలో 84.50కి అమ్మడానికి ఉన్నవి 60 షేర్లే. ఆ పైన 84.75కి 110, 84.90కి 300 ఉన్నాయి. కనుక 60 షేర్లు వెంటనే వచ్చాయి, మిగిలిన 140 షేర్ల కోసం వాడి ఆర్డర్ 84.50 దగ్గర, కొనేవారి వరుసలో నిలబడింది. పాక్షికంగా అమలు కావడమంటే ఇదే. ఇందులో ఎవరి పొరపాటూ లేదు, ఏదీ చెడిపోలేదు.

అయితే స్క్రీన్ మీద కనిపించినదేమిటి? పెండింగ్ విభాగంలో పసుపు రంగులో Open అనే ఒక్క మాట, దాని పక్కన బూడిదరంగు చిన్న అక్షరాల్లో 60/200. వాడు ఆ మాటను చూశాడు గానీ ఆ అంకెను చూడలేదు. నెట్‌వర్క్ బాగాలేక ఆర్డర్ ఇరుక్కుపోయిందనుకుని, ఈసారి ఏ ధరకైనా సరే కొనమనే మార్కెట్ ఆర్డర్ ఇంకో 200కు పెట్టాడు. అందులో 110 షేర్లు 84.75కి, మిగతా 90 షేర్లు 84.90కి వచ్చాయి. పచ్చరంగులో పూర్తయినట్టు కనిపించగానే ఫోన్ జేబులో పెట్టుకుని ఆఫీసు పనిలో పడ్డాడు. మధ్యాహ్నం ధర 84.20కి దిగింది. ధర దిగడమంటే 84.50కి కూడా అమ్మేవారు వచ్చారన్నమాట, అంటే వాడు మరచిపోయిన ఆ 140 షేర్ల వంతు వచ్చింది. మొదటి 60కి 5,070 రూపాయలు, రెండో ఆర్డర్‌కు 16,963.50, చివరి 140కి 11,830, మొత్తం 33,863.50. వాడు పెట్టదలచినది 16,900.

పెండింగ్‌లో ఉన్న ఆర్డర్ నిద్రపోదని కొత్తవారికి ఎవరూ చెప్పరు. మనం రద్దు చేసేదాకా, లేదా మధ్యాహ్నం 3:30కి మార్కెట్ మూసేదాకా అది వరుసలోనే ఉంటుంది, దానికి కావలసిన డబ్బు ఖాతాలో పక్కకు పెట్టి ఉంటుంది. ఆ వరుసకు నియమం కూడా ఉంది: మంచి ధర ఇచ్చినవారిది ముందు, ఒకే ధర ఇచ్చినవారిలో ముందు వచ్చినవారిది ముందు. మార్కెట్ డెప్త్ అనే చోట నొక్కితే 84.50 దగ్గర కొనేవారంతా కలిసి ఎన్ని షేర్లు అడుగుతున్నారో కనిపిస్తుంది. వారిలో మన వంతు ఎన్నోదో మాత్రం కనిపించదు. తోచక ధరను పది పైసలు పెంచి, మళ్లీ తగ్గించి మొదటికి తెచ్చేవారిని నేను చూశాను. ధర మార్చిన ప్రతిసారీ వరుసలో పాత స్థానం పోతుంది, షేర్ల సంఖ్య పెంచినా పోతుంది, తగ్గిస్తే పోదు.

మరి వాడు చేయవలసింది ఏమిటి? తొందరగా కావాలనుకుంటే కొత్త ఆర్డర్ పెట్టకుండా, ఉన్నదాన్నే తెరిచి, ధరను 84.75కి మార్చాలి. అప్పుడు 140లో 110 వచ్చేవి, 30 మాత్రమే మిగిలేవి. అవసరం లేదనుకుంటే రద్దు నొక్కాలి. రద్దు చేస్తే ఆగేది మిగిలిన 140 మాత్రమే, వచ్చేసిన 60 మనవే, వాటిని వెనక్కి ఇవ్వడానికి వీలుండదు. నా అసలు కోపం ఇక్కడే. అలా రద్దు చేసినా, సాయంత్రం దానంతట అది రద్దయినా, చాలా యాప్‌లు ఆ ఆర్డర్‌ను మొత్తంగా Cancelled అని చూపిస్తాయి. లోపలికి వెళ్లి అమలైన సంఖ్య చూస్తే తప్ప, 60 షేర్లు కొన్నామనీ 5,070 రూపాయలు ఖర్చయ్యాయనీ తెలియదు. 200లో 60 వచ్చిన ఆర్డర్‌కూ, ఒక్కటీ రాని ఆర్డర్‌కూ ఒకే మాట వాడటం నా దృష్టిలో బద్ధకం తప్ప మరొకటి కాదు. "60 వచ్చాయి, 140 రద్దయ్యాయి" అని రాయడానికి ఎంత చోటు కావాలి?

తిరస్కరణ వీటికి పూర్తిగా భిన్నం. Rejected అని వచ్చిందంటే ఆర్డర్ వరుసలోకి చేరనే లేదు. కాబట్టి ఒక్క షేరూ రాదు, పక్కకు పెట్టిన డబ్బు విడుదలవుతుంది, ఎంతసేపు ఎదురుచూసినా ఫలితం ఉండదు. ఆపేది మన బ్రోకర్ కావచ్చు, ఎక్స్ఛేంజ్ కావచ్చు. ఖాతాలో డబ్బు చాలకపోతే బ్రోకర్ దగ్గరే ఆగుతుంది. ధర ఆ రోజు హద్దు దాటితే అసలు చెల్లదు. మేనల్లుడు కొన్న షేరు ముందురోజు 83 రూపాయల దగ్గర ముగిసింది, దాని హద్దు పది శాతం, అంటే ఆ రోజు పైకి 91.30 దాకానే వెళ్లగలదు. 95కి కొంటానంటే తిరస్కరణ. అదే షేరు 91.30 దగ్గర అప్పర్ సర్క్యూట్ అనే ఆ పై హద్దును తాకి అమ్మేవారే లేనప్పుడు 91.30కే కొంటానంటే అది పెండింగ్, సాయంత్రం దాకా అలాగే ఉండిపోవచ్చు. మూడు రూపాయల డెబ్బై పైసల తేడాతో రెండు వేర్వేరు పరిస్థితులు. కారణం ఆర్డర్ మీద నొక్కితే కింద ఇంగ్లిషులో రాసి ఉంటుంది. ఎర్ర రంగు చూసి బెదిరి వెనక్కి వచ్చేసేవారు దాన్ని చదవరు.

రెండు రోజుల తర్వాత, షేర్లు డీమ్యాట్ ఖాతాలోకి చేరాక, అదనంగా వచ్చిన 200 అమ్మేద్దామని వాడు మళ్లీ కూర్చున్నాడు. ఈసారి Rejected వచ్చింది, కానీ ఫోన్ చేసేముందు కారణం చదివాడు. అమ్మిన షేర్లను మన ఖాతా నుంచి తీసుకోవడానికి బ్రోకర్‌కు డీడీపీఐ అనే అధికారం ఇవ్వనివారు, అమ్మేముందు షేర్లను భద్రపరిచే డిపాజిటరీ పంపిన టీపిన్ అనే రహస్య సంఖ్యతోనూ, ఫోన్‌కు వచ్చే ఓటీపీతోనూ అనుమతి ఇవ్వాలి, అది వాడు ఇవ్వలేదు. అనుమతి ఇచ్చి మళ్లీ పెడితే 150 అమ్ముడై 50 నిలిచాయి. "వీటిని రేపు అమ్మితే డీపీ చార్జీ మళ్లీ పడుతుందా మామయ్యా?" అని అడిగాడు. డీమ్యాట్ నుంచి షేర్లు బయటికి తీసినందుకు వేసే ఆ చార్జీ అమ్మిన ప్రతి రోజుకూ, ప్రతి కంపెనీకీ విడిగా పడుతుందని, ఈరోజే అయిపోతే ఒక్కసారితో పోతుందని చెప్పాను. ధర పది పైసలు తగ్గించి, మార్కెట్ మూసేలోపు ఆ 50 కూడా వదిలించుకున్నాడు.